నామినల్, ఆర్డినల్, ఇంటర్వెల్, రేషియో స్కేళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఏ., ఎం.బి.ఏ., నర్సింగ్, సోషల్ వర్క్ కోర్సుల్లో ప్రాజెక్టు సర్వే చేసే విశాఖ విద్యార్థులు ఏటా దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. పని ఏ దశలో ఉంటే ఆ భాగం చూడండి. ఒక జవాబు అర్థం కావడానికి ఇంకో జవాబు చదవాల్సిన పని లేదు. ఉదాహరణల్లోని సర్వే అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవే, ఎవరి సర్వే ఫలితాలూ కావు.

## మొదట తేల్చుకోవాల్సినవి

ఈ నాలుగు స్కేళ్లకు తేడా ఏమిటి? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

ఈ విభజన చేసింది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్, 1946లో. ఆయన వేసిన ప్రశ్న చాలా సూటిది: మీరు రాసుకున్న అంకెల్ని ఎంతవరకు మార్చినా వాటిలోని సమాచారం చెడకుండా ఉంటుంది?

530017 అంటే ఎం.వి.పి. కాలనీ, 530026 అంటే గాజువాక. ఈ పిన్‌కోడ్‌ల స్థానంలో వేరే ఏ అంకెలు పెట్టినా, రెండు ప్రాంతాలకూ ఒకే అంకె రానంత వరకు నష్టం లేదు. అది నామినల్. "అసంతృప్తి, పర్వాలేదు, సంతృప్తి" అనే జవాబులకు 1, 2, 3 బదులు 1, 5, 40 అని ఇచ్చినా వరుస చెడదు. అది ఆర్డినల్. సెల్సియస్ ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లోకి మార్చాలంటే 1.8తో గుణించి 32 కలుపుతాం. సున్నా జరిగిపోతుంది కానీ సమానమైన తేడాలు సమానంగానే ఉంటాయి. అది ఇంటర్వెల్. వంజరం చేప బరువును కిలోల నుంచి గ్రాముల్లోకి మార్చాలంటే గుణిస్తే చాలు, ఏదీ కలపక్కర్లేదు. 4 కిలోల చేప 2 కిలోల చేపకు రెండింతలన్న మాట గ్రాముల్లో చూసినా నిజమే. అది రేషియో.

విశ్లేషణ మీద పరిమితులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. అనుమతి ఉన్న మార్పు చేయగానే తిరగబడిపోయే ముగింపు డేటాలోంచి వచ్చింది కాదు, మీరు ఎంచుకున్న అంకెల్లోంచి వచ్చింది.

నా వేరియబుల్ ఏ స్కేలుదో నేనే ఎలా తెలుసుకోవాలి?

మూడు ప్రశ్నలు వరసగా వేసుకోండి. ఈ విలువల్లో ఎక్కువ తక్కువలు ఉన్నాయా? లేకపోతే నామినల్. ఉన్నాయంటే, పక్కపక్క విలువల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటేనని చూపగలరా? చూపలేకపోతే ఆర్డినల్. చూపగలిగితే, సున్నా అంటే కొలుస్తున్నది అసలే లేదని అర్థమా? కాదంటే ఇంటర్వెల్, అవునంటే రేషియో.

ఎక్కువమంది పొరబడేది ఒక్కచోటే. కాగితం మీద అంకె కనబడగానే దాన్ని సంఖ్య అనుకుంటారు. సిటీ బస్సు నంబరు 400లో అంకె ఉంది, కానీ అది 28కి పద్నాలుగింతలు కాదు, వట్టి పేరు. ఒకే విషయాన్ని మీరు ఎలా కొలిచారన్నదాన్ని బట్టి కూడా స్కేలు మారుతుంది. ఇంటి నుంచి ఆసుపత్రికి దూరాన్ని కిలోమీటర్లలో రాస్తే రేషియో. "దగ్గర, కొంచెం దూరం, చాలా దూరం" అని రాస్తే ఆర్డినల్. ఏ రూటు బస్సులో వెళ్తారని రాస్తే నామినల్.

సెల్సియస్‌లో సున్నా ఉంది కదా, మరి అది రేషియో ఎందుకు కాదు?

ఆ సున్నా నీరు గడ్డకట్టే చోట మనం పెట్టుకున్న గుర్తు. అక్కడ వేడి అసలే లేదని కాదు. మేలో ఒక మధ్యాహ్నం 34 డిగ్రీలు, జనవరిలో ఒక తెల్లవారుజాము 17 డిగ్రీలు ఉందనుకుందాం. రెండింతల వేడి అనాలనిపిస్తుంది. అవే ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో 93.2, 62.6. నిష్పత్తి 1.49కి పడిపోయింది. నిజమైన సున్నా ఉన్న కెల్విన్‌లో 307.15, 290.15, అంటే నిష్పత్తి 1.06 మాత్రమే. వాతావరణం మారలేదు, "రెండింతలు" మాత్రం నిలవలేదు.

నిలిచేది తేడాల మధ్య నిష్పత్తి. 30 నుంచి 34కి పెరుగుదల, 30 నుంచి 32కి పెరుగుదలకు రెండింతలు. ఫారెన్‌హీట్‌లో ఇవి 7.2, 3.6 అవుతాయి, అక్కడా రెండింతలే. కాబట్టి ఇంటర్వెల్ డేటాతో "ఎంత పెరిగింది" అనవచ్చు, "ఎన్ని రెట్లు" అనకూడదు. సంవత్సరాలదీ ఇదే తీరు. క్రీ.శ. 1000, 2000 మధ్య వెయ్యేళ్లు. శక సంవత్సరాల్లో అవి 922, 1922. తేడా వెయ్యే, రెండింతలన్న మాట మాత్రం పోయింది.

మార్కులు రేషియోనా? ర్యాంకులు?

ర్యాంకు ఆర్డినల్, ఇందులో అనుమానం లేదు. ఎంట్రన్స్ పరీక్షలో పై ర్యాంకుల దగ్గర మార్కుల్లో పెద్ద తేడా ఉన్నా ర్యాంకులో చిన్న తేడానే కనిపించవచ్చు. మధ్యలో విద్యార్థులు కిక్కిరిసి ఉంటారు, ఒక్క మార్కుతో వందల స్థానాలు మారిపోతాయి. ఒక కాలేజీ విద్యార్థుల ర్యాంకుల సగటు తీస్తే, చివరి ర్యాంకులు వచ్చిన ఇద్దరు ముగ్గురు మొత్తాన్ని అటు లాగేస్తారు. మధ్యగతం, దానికి ఇటూ అటూ ఉన్న చతుర్థాంశాలు చెప్పండి.

మార్కులు అంత తేలిగ్గా తేలవు. సున్నా వచ్చినవాడికి సబ్జెక్టు సున్నా అని చెప్పలేం, ఆ పేపర్లో అడిగినవి రాయలేదంతే. అందుచేత రేషియో కాదు. ఇంటర్వెల్ అనడమూ అలవాటుగా సాగుతున్న ఒప్పందమే. 35 నుంచి 45కి రావడం, 85 నుంచి 95కి రావడం ఒకే శ్రమ అని పేపరు హామీ ఇవ్వదు. ఒకే పేపరు రాసిన రెండు సెక్షన్ల సగటులు పోల్చడానికి అభ్యంతరం పెట్టరు. "80 వచ్చినవాడికి 40 వచ్చినవాడి కంటే రెండింతలు తెలుసు" అని రాస్తే మాత్రం తప్పు.

## ప్రశ్నాపత్రం తయారు చేసేటప్పుడు

వయసు, ఆదాయం గ్రూపులుగా అడగాలా, అంకెగా రాయించాలా?

జవాబు చెప్పడానికి ఇబ్బంది లేని వాటిని అంకెగానే రాయించండి. వయసు 37 అని ఉంటే దాన్ని ఎప్పుడు కావాలన్నా "26–40" గ్రూపులో వేసుకోవచ్చు. "26–40" అని మాత్రమే ఉంటే 37ను తిరిగి తెచ్చుకోలేరు. పై స్కేలు నుంచి కిందికి దిగవచ్చు, కింది నుంచి పైకి ఎక్కడం కుదరదు.

ఆదాయం సంగతి వేరు. అంకె అడిగితే చాలామంది ఖాళీగా వదిలేస్తారు, గ్రూపు అయితే టిక్కు పెడతారు. గ్రూపులే పెట్టేటట్లయితే రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, హద్దులు ఒకదాని మీద ఒకటి పడకూడదు. "10,000–20,000", "20,000–30,000" అని ఇస్తే సరిగ్గా ఇరవై వేలు వచ్చేవారు ఎక్కడ టిక్కు పెట్టాలి? రెండు, "50,000 పైన" అనే చివరి గ్రూపుకు మధ్య విలువ ఉండదు. అక్కడ ఏదో ఒక అంకె ఊహించుకుని సగటు తీస్తే, ఆ ఊహే మీ సగటును నిర్ణయిస్తుంది. మధ్యగతం ఏ గ్రూపులో పడిందో చెప్పడానికి మాత్రం చివరి గ్రూపు అడ్డురాదు.

"ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, లేదు" అని అడిగాం. సరిపోతుందా?

వరుస తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. రోజూ స్టీల్‌ప్లాంటుకు వెళ్లొచ్చే ఉద్యోగికి వారానికి మూడుసార్లు బస్సెక్కడం "అప్పుడప్పుడు". ఇంటి దగ్గరే ఉండే పెద్దాయనకు అదే "తరచుగా". ఇద్దరి జవాబులూ ఒకే గడిలో పడవు, కాబట్టి వరుస మీద కూడా పూర్తి నమ్మకం ఉండదు.

"గత 7 రోజుల్లో సిటీ బస్సు ఎన్నిసార్లు ఎక్కారు?" అని అడిగితే వచ్చేది లెక్క. సున్నా అంటే ఎక్కలేదనే అర్థం. రేషియో స్కేలు మీ చేతికి వచ్చినట్టే. "గత సంవత్సరంలో" అని అడిగితే మాత్రం జ్ఞాపకం మీద కాకుండా అంచనా మీద చెబుతారు. అప్పుడు పదులు, యాభైలు, వందల దగ్గర జవాబులు గుట్టపడతాయి. లెక్క అడిగేటప్పుడు వ్యవధి చిన్నదిగా ఉంచండి.

"తెలియదు" అనే జవాబు ఐదింటిలో ఎక్కడ పెట్టాలి?

ఎక్కడా పెట్టకూడదు. "పర్వాలేదు" అనేది సంతృప్తికీ అసంతృప్తికీ మధ్య ఉన్న ఒక అభిప్రాయం. "తెలియదు" అంటే అభిప్రాయం లేకపోవడం. ఆ సేవే వాడని మనిషిని 3 దగ్గర కూర్చోబెడితే మీ పంపిణీ మధ్యలో లేని గుంపు పుడుతుంది. ఐదు గడుల వరుసకు కాస్త ఎడంగా "వర్తించదు / తెలియదు" అని వేరే గడి ఇవ్వండి. విశ్లేషణలో వారిని మినహాయించి, ఎంతమందిని మినహాయించారో పట్టిక కింద రాయండి.

## డేటా ఎక్కించేటప్పుడు

ఎస్‌పీఎస్‌ఎస్‌లో Measure గడిలో ఏమి పెట్టాలి? తప్పు పెడితే ఏమవుతుంది?

Variable View తెరిస్తే Measure కాలమ్‌లో Nominal, Ordinal, Scale అని మూడే కనిపిస్తాయి. ఇంటర్వెల్, రేషియో రెండూ Scale కిందికే వస్తాయి. కాబట్టి ఈ రెంటికీ తేడా పాటించే బాధ్యత పూర్తిగా మీదే.

ఆ గడిలో Nominal అని పెట్టినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని కాపాడదు. మతానికి 1, 2, 3 అని కోడ్ ఇచ్చి Descriptives అడిగితే 1.42 అని సగటు వేసి చేతికిస్తుంది. దానికంటే నష్టం చేసేది ఇంకొకటి ఉంది. జవాబు లేని చోట 9 లేదా 99 అని ఎక్కించి, దాన్ని Missing గడిలో చెప్పకపోవడం. 1 నుంచి 5 వరకే ఉండాల్సిన ప్రశ్నకు సగటు 5.8 వస్తే వెంటనే పట్టుబడుతుంది. 3.4 రావాల్సింది 3.9 వస్తే ఎవరికీ తెలియదు. ఏ పరీక్షకైనా ముందు ప్రతి వేరియబుల్‌కూ Frequencies తీసి, ఉండకూడని విలువలు ఉన్నాయేమో చూడండి.

ఆర్‌లో ఆర్డినల్ అని ఎలా చెప్పాలి? నా గ్రాఫులో వరుస తారుమారైంది.

జవాబుల్ని మాటలుగా ఎక్కించి, వరుస చెప్పకుండా `factor` చేసి ఉంటారు. అప్పుడు ఆర్ అక్షర క్రమం పాటిస్తుంది: అసంతృప్తి, చాలా అసంతృప్తి, చాలా సంతృప్తి, పర్వాలేదు, సంతృప్తి. రెండు కొసలూ పక్కపక్కన చేరాయి. దీన్ని `as.integer` చేస్తే "చాలా సంతృప్తి"కి 3, "పర్వాలేదు"కు 4 వస్తాయి. ఆ తర్వాత చేసే లెక్క ఏదైనా తప్పే. వరుసను మీరే రాసివ్వాలి. కింద `d` మీ డేటా, `sat` సంతృప్తి జవాబు, `stop` బస్సు స్టాపు:

```r
lv <- c("చాలా అసంతృప్తి", "అసంతృప్తి",
        "పర్వాలేదు", "సంతృప్తి", "చాలా సంతృప్తి")
d$sat <- factor(d$sat, levels = lv, ordered = TRUE)
table(d$stop, d$sat)
quantile(d$sat, 0.5, type = 1, na.rm = TRUE)
```

ఇలాంటి ఫ్యాక్టర్ మీద `mean` అడిగితే ఆర్ హెచ్చరించి `NA` ఇస్తుంది. `median` కూడా ఒప్పుకోదు, అందుకే `quantile`లో `type = 1` వాడాలి. ఇంకొక మాట. ఆర్డర్డ్ ఫ్యాక్టర్‌ను `lm`లో కారకంగా పెడితే ఫలితంలో `.L`, `.Q`, `.C` అని కనిపిస్తాయి. అవి స్థాయిల మధ్య దూరాలు సమానమని అనుకుని వేసిన ధోరణులు. ఆర్డినల్ అని ప్రకటించాక కూడా ఇంటర్వెల్ ఊహ దొడ్డిదారిన వచ్చేసిందన్నమాట.

## విశ్లేషణ చేసేటప్పుడు

నామినల్ డేటాతో శాతాలు తప్ప ఏమీ చేయలేమా?

చేయవచ్చు. ఒక్క వేరియబుల్‌కు బాహుళకం, శాతాలు. రెండు నామినల్ వేరియబుల్స్ మధ్య సంబంధం ఉందో లేదో చెప్పడానికి కై-స్క్వేర్, ఆ సంబంధం ఎంత గట్టిదో చెప్పడానికి క్రామర్స్ వి. ఒకే మనుషుల్ని ముందూ వెనకా "అవును/కాదు" అడిగి ఉంటే కై-స్క్వేర్ పనికిరాదు, మెక్‌నెమర్ పరీక్ష వాడాలి.

కై-స్క్వేర్ చెడేది చిన్న గడుల దగ్గర. ప్రతి గడికీ ఆశించిన సంఖ్య అంటే అడ్డు వరుస మొత్తాన్ని నిలువు వరుస మొత్తంతో గుణించి, అందరి మొత్తంతో భాగించగా వచ్చేది. 60 మందిలో ఆటో వాడేవారు 20, విద్యార్థులు 12 ఉంటే, ఆటో వాడే విద్యార్థుల గడికి 20 × 12 ÷ 60 = 4. ఇది 5 కంటే తక్కువ. ఇలాంటి గడులు మొత్తం గడుల్లో ఐదో వంతు మించితే, లేదా ఏ గడిలోనైనా 1 కంటే తక్కువ వస్తే, కై-స్క్వేర్ ఇచ్చే పి-విలువను నమ్మకండి. అర్థమున్న చోట వర్గాలు కలపండి, లేదా ఫిషర్ పరీక్ష చేయండి. చూడాల్సింది ఆశించిన సంఖ్యను, వచ్చిన సంఖ్యను కాదు.

ఐదు పాయింట్ల సంతృప్తి ప్రశ్నకు సగటు తీయవచ్చా, తీయకూడదా? గట్టిగా ఒక మాట చెప్పండి.

ఒక్క ప్రశ్న మీదే అయితే, రెండు గుంపుల్ని పోల్చడానికి సగటు ఒక్కదాన్నే ఆధారం చేసుకోకూడదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

బస్సు సేవ మీద మద్దిలపాలెం స్టాపులో 11 మందిని, గాజువాక స్టాపులో 11 మందిని అడిగాం. 1 అంటే చాలా అసంతృప్తి, 5 అంటే చాలా సంతృప్తి. జవాబుల్ని చిన్న నుంచి పెద్దకు పేరిస్తే:

మద్దిలపాలెం: 2, 3, 3, 3, 3, 3, 3, 3, 4, 4, 4
గాజువాక: 1, 1, 1, 2, 2, 4, 4, 4, 4, 5, 5

మొదటి వరుస మొత్తం 35, సగటు 3.18. రెండోది 33, సగటు 3.00. మద్దిలపాలెం ముందుంది అనిపిస్తుంది. ఇప్పుడు కోడ్‌లను 1, 2, 3, 4, 5 బదులు 1, 2, 3, 5, 7 చేద్దాం. వరుస చెడలేదు, కాబట్టి ఆర్డినల్ స్కేలు ఈ మార్పుకు అభ్యంతరం చెప్పదు. "పర్వాలేదు" నుంచి "సంతృప్తి"కి ఉన్న దూరం, "అసంతృప్తి" నుంచి "పర్వాలేదు"కు ఉన్న దూరానికి రెండింతలు కాదని రుజువు చేయడానికి మీ దగ్గర ఏ ఆధారమూ లేదు. కొత్త మొత్తాలు 38, 41. సగటులు 3.45, 3.73. గాజువాక ముందుకొచ్చింది. ఒక్కరి జవాబు కూడా మారలేదు, ముగింపు మాత్రం తిరగబడింది.

మధ్యగతం ఇలా తిరగబడదు. ఆరో మనిషి జవాబు మద్దిలపాలెంలో "పర్వాలేదు", గాజువాకలో "సంతృప్తి". కోడ్‌లు ఏవైనా అదే మాట.

అయితే ఇక్కడితో ఆగి "గాజువాకే మేలు" అని రాస్తే అదీ తొందరపాటే. మన్-విట్నీ పరీక్ష చేసే పని ఏమిటంటే, ఒక్కో గాజువాక మనిషిని ఒక్కో మద్దిలపాలెం మనిషితో జతకట్టి ఎవరి జవాబు పైన ఉందో లెక్కపెట్టడం. మొత్తం 121 జతలు. జవాబు సమానమైతే చెరి సగం. గాజువాకలో 1 చెప్పిన ముగ్గురూ ఎవరినీ గెలవరు. 2 చెప్పిన ఇద్దరూ అవతలి ఒక్క 2తో సమానం, కలిపి 1. 4 చెప్పిన ఒక్కొక్కరు 8 మందిని గెలిచి ముగ్గురితో సమానం, అంటే 9.5, నలుగురికి 38. 5 చెప్పిన ఇద్దరూ అందరినీ గెలుస్తారు, 22. కలిపితే 61. అవతలివారికి 60. దాదాపు సరిసమానం.

సగటు ఒక స్టాపును ముందు పెట్టింది, మధ్యగతం రెండో దాన్ని పెట్టింది, ర్యాంకుల పరీక్ష తేడా లేదంది. నిజంగా ఉన్న తేడా వేరు: మద్దిలపాలెంలో అందరూ మధ్యలో ఉన్నారు, గాజువాకలో జనం రెండుగా చీలిపోయారు. "పర్వాలేదు" అన్నవారు అక్కడ ఒక్కరూ లేరు. ఆ చీలిక ఎందుకొచ్చింది, ఏ రూటు వాళ్లు ఇటు, ఏ రూటు వాళ్లు అటు అన్నదే అడగాల్సిన ప్రశ్న. అందుకే ఐదు గడుల శాతాల పట్టికను ముందు పెట్టండి, మధ్యగతం రాయండి, పరీక్ష ఆ తర్వాత.

పది లైకర్ట్ ప్రశ్నల మార్కులు కలిపేస్తే ఇంటర్వెల్ అవుతుందా?

రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించింది కూడా ఒక్క ప్రశ్నను కాదు, చాలా ప్రశ్నల మొత్తాన్ని. పది ప్రశ్నల మొత్తం 10 నుంచి 50 వరకు సాగుతుంది. ఒక్కో ప్రశ్నలోని ఎగుడుదిగుడులు కొంతవరకు సర్దుకుంటాయి. అందువల్ల ఆ మొత్తం మీద సగటు, టీ-టెస్ట్, పియర్సన్ సహసంబంధం వాడటం చాలా రంగాల్లో సాగుతోంది. మేమూ దాన్ని కాదనం.

కానీ మూడు షరతులు. ఆ పది ప్రశ్నలూ ఒకే విషయాన్ని కొలవాలి. బస్సు శుభ్రత, టికెట్ ధర, కండక్టరు మాటతీరు కలిపి "సంతృప్తి" అనే ముందు, అవి కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయో లేదో చూడాలి. వ్యతిరేకంగా అడిగిన ప్రశ్నల్ని తిప్పి కోడ్ చేయాలి, ఐదు పాయింట్లకు 6లోంచి జవాబును తీసేయాలి. ఇది మరిచిపోతే, ప్రశ్నల పొందికను కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా చాలా తక్కువగా, ఒక్కోసారి మైనస్‌లో కూడా వస్తుంది, అదే గుర్తు. మూడోది, ఎక్కువమంది 48, 49, 50 దగ్గరే గుట్టపడితే మొత్తం కూడా కొలవడం మానేసినట్టే. ఆల్ఫా 0.8 వచ్చినంత మాత్రాన దూరాలు సమానమని రుజువు కాదు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే అది చెబుతుంది.

ఉష్ణోగ్రత డేటాకు సీవీ వేశాం. గైడు తప్పన్నారు. ఎందుకు?

సీవీ అంటే ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి వందతో గుణించడం. సగటుతో భాగిస్తున్నామంటే ఆ సగటు నిజమైన సున్నా నుంచి కొలిచినది కావాలి. 26, 28, 30, 32, 34 డిగ్రీల సెల్సియస్ తీసుకోండి. సగటు 30, ప్రామాణిక విచలనం 3.16, సీవీ 10.5 శాతం. వీటినే ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే సగటు 86, విచలనం 5.69, సీవీ 6.6 శాతం. కెల్విన్‌లో 1 శాతం. ఒకే ఐదు రోజులకు మూడు జవాబులు.

ప్రామాణిక విచలనం ఒక్కదాన్నే "3.16 డిగ్రీల సెల్సియస్" అని యూనిట్‌తో సహా రాయండి, అదే సరైనది. వర్షపాతం మిల్లీమీటర్లకో, చేపల బరువుకో సీవీ వేయడంలో తప్పులేదు. గుణమధ్యమానికీ, "ఇంత శాతం పెరిగింది" అనడానికీ ఇదే నియమం: రేషియో ఉంటేనే.

రేషియో డేటా ఉంది కాబట్టి టీ-టెస్ట్ చేసేయవచ్చా?

స్కేలు అనుమతి ఇస్తుంది, పంపిణీ ఒప్పుకుంటుందో లేదో వేరే ప్రశ్న. ఆదాయం రేషియోనే. కానీ 20 మంది సర్వేలో ఒక్కరికి నెలకు మూడు లక్షలు వస్తే సగటు ఆ మనిషిదే అవుతుంది. అలాంటప్పుడు మధ్యగతం చెప్పడం, మన్-విట్నీ వాడటం, లేదా లాగ్ తీసుకుని పోల్చడం మంచిది. లాగ్ తీసుకున్న విలువల సగటును వెనక్కి మారిస్తే గుణమధ్యమం వస్తుంది. సున్నా ఆదాయం ఉన్నవారికి లాగ్ లేదు. అందరికీ 1 కలిపి లాగ్ తీయడం చాలాచోట్ల చూస్తాం, కానీ ఆ 1 రూపాయా, వెయ్యి రూపాయలా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. సున్నా ఉన్నవారిని విడిగా లెక్కపెట్టి చెప్పడమే నిజాయితీ.

తుపాను తీవ్రతను 1 నుంచి 7 కోడ్ చేసి రిగ్రెషన్ చేయవచ్చా?

గాలి వేగం దొరుకుతుంటే కోడ్ ఎందుకు? భారత వాతావరణ శాఖ వర్గాలకు ఆధారం గాలి వేగమే, అది రేషియో స్కేలు. వాయుగుండం 17–27 నాట్లు, తీవ్ర వాయుగుండం 28–33, తుపాను 34–47, తీవ్ర తుపాను 48–63, అతి తీవ్ర తుపాను 64–89, అత్యంత తీవ్ర తుపాను 90–119, 120 నుంచి సూపర్ సైక్లోన్. ఈ అంతరాలు చూడండి. రెండో వర్గం వెడల్పు 6 నాట్లు, ఆరోది 30 నాట్లు. 1 నుంచి 7 కోడ్ చేస్తే ఈ రెండూ ఒకే మెట్టు అయిపోతాయి. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ లాంటి తుపాన్లు పై మెట్లలో ఉంటాయి. కోడ్ వేసినప్పుడు ఎక్కువ సమాచారం పోయేది సరిగ్గా అక్కడే. వేగం దొరక్క వర్గం మాత్రమే ఉంటే దాన్ని ఆర్డినల్‌గా ఉంచి స్పియర్‌మన్, కెండాల్ సహసంబంధాలు వాడండి.

గాలి దిశ డిగ్రీల్లో ఉంది. 350, 10 సగటు 180 వస్తోంది!

ఉత్తరం నుంచి వీచే గాలికి దక్షిణపు గాలి అని జవాబు వచ్చింది. గాలి దిశ, గడియారంలో సమయం, సంవత్సరంలో నెలలు చుట్టూ తిరిగి మొదటికే వస్తాయి. స్టీవెన్స్ నాలుగు పెట్టెల్లో వీటికి చోటు లేదు. ప్రతి దిశకూ సైన్, కొసైన్ విలువలు తీసి, వాటి సగటుల నుంచి దిశను తిరిగి లెక్కగట్టాలి. 350, 10కి అప్పుడు 0 వస్తుంది. ఆర్‌లో `atan2(mean(sin(a)), mean(cos(a)))` అని రాస్తే చాలు, `a` రేడియన్లలో ఉండాలి.

## రిపోర్టు, వైవా దగ్గర

మా గైడుగారు సగటు పట్టికే కావాలంటున్నారు. ఏం చేయాలి?

పట్టిక పెట్టండి, పక్కన ఐదు గడుల శాతాలు కూడా పెట్టండి. పద్ధతుల అధ్యాయంలో "జవాబుల మధ్య దూరాలు సమానమన్న ఊహతో సగటు ఇచ్చాం, ర్యాంకుల పరీక్షతో సరిచూశాం" అని ఒక వాక్యం రాయండి. రెండు దారులూ ఒకే ముగింపుకు వస్తే ఎవరికీ పేచీ లేదు. వేర్వేరు ముగింపులొస్తే ఆ సంగతి గైడుగారికి ముందే చూపించండి. అప్పుడు చర్చ నియమం గురించి కాక మీ డేటా గురించి సాగుతుంది.

స్టీవెన్స్ నియమాల్ని అందరూ ఒప్పుకుంటారా? వైవాలో అడిగితే?

ఒప్పుకోరు. 1953లో అమెరికన్ గణాంకవేత్త ఫ్రెడరిక్ లార్డ్ ఆటగాళ్ల జెర్సీ నంబర్ల ఉదాహరణతో ఎదురు వాదించాడు: అంకెలకు అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు, కాబట్టి వాటి మీద ఏ లెక్కైనా చేయవచ్చని. లెక్క వేయడం వరకు ఆ మాట నిజమే. ఒక జట్టుకు చిన్న నంబర్లే అంటగట్టారా అనే ప్రశ్నకు జెర్సీ నంబర్ల సగటు కూడా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రశ్న నంబర్ల గురించే. సంతృప్తి ప్రశ్నలో మనం మాట్లాడేది కోడ్‌ల గురించి కాదు, మనుషుల సంతృప్తి గురించి. అక్కడ కోడ్ మార్చగానే మారిపోయే ముగింపును సమర్థించలేం. వైవాలో ఈ తేడా చెప్పగలిగితే చాలు.

సగటు సంతృప్తి 3.0 నుంచి 3.6 అయింది. "20 శాతం పెరిగింది" అని రాయవచ్చా?

రాయకూడదు. ఈ స్కేలులో సున్నా లేదు, మొదలే 1. అవే జవాబుల్ని 0 నుంచి 4 వరకు కోడ్ చేస్తే 2.0 నుంచి 2.6, అంటే 30 శాతం. మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు కోడ్ చేస్తే 0 నుంచి 0.6, శాతమే కట్టలేం. దీని బదులు "సంతృప్తి, చాలా సంతృప్తి అన్నవారు 100లో 38 మంది నుంచి 55 మందికి పెరిగారు" అని రాయండి. మనుషుల లెక్కకు నిజమైన సున్నా ఉంది. 38 నుంచి 55 అంటే 17 పర్సంటేజీ పాయింట్ల పెరుగుదల అని స్పష్టంగా చెప్పండి, ఒట్టి "17 శాతం" అనకండి.